అనుమతి అభ్యర్థనలో నిర్ణయవాక్యం: ఆస్పరి ప్రాంతపు సీజనల్ హాస్టల్ ప్రతిపాదన ఆధారంగా ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

అనుమతి కోరుతూ కార్యాలయాలకు రాసే తెలుగు లేఖలు సాధారణంగా "తగు చర్యలు తీసుకోవలసిందిగా ప్రార్థన" వంటి వాక్యంతో ముగుస్తాయి. ఆ ముగింపులో వినయం ఉంటుంది కాని, అధికారి సమాధానం చెప్పవలసిన ప్రశ్న ఉండదు. అభ్యర్థన చివర బొద్దు అక్షరాలలో ఒకే ఒక నిర్ణయవాక్యం ఉంచితే ఈ లోపం ఎలా తొలగుతుందో, ఆ వాక్యాన్ని తెలుగులో ఎలా నిర్మించాలో ఈ వ్యాసం వివరిస్తుంది. కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలోని ఆస్పరి మండల నేపథ్యంలో, వలస కుటుంబాల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్ ప్రతిపాదనను ఉదాహరణగా తీసుకుంటుంది.

కీలక పదాలు: నిర్ణయవాక్యం, కార్యాలయ తెలుగు, నోట్‌ఫైలు, ప్రశ్నార్థకం, ఆస్పరి, సీజనల్ హాస్టల్.

1. ఉపోద్ఘాతం

ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. అధికార భాషా సంఘం 1974లో ఏర్పడింది. కార్యాలయ తెలుగు గురించిన చర్చ అప్పటినుంచి ఎక్కువగా పదాల చుట్టూ తిరిగింది. ఆంగ్లపదానికి సరైన తెలుగు పదం ఏది, సంస్కృత సమాసం మేలా, వాడుక మాట మేలా అన్నవి అందులో ప్రధానమైన ప్రశ్నలు. లేఖ మొత్తంగా ఏ పని చేస్తున్నది, చదివిన అధికారి చేతిలో చివరికి ఏమి మిగులుతున్నది అన్న విషయాలపై అంత దృష్టి పడలేదు.

అనుమతి కోరే లేఖకు ఒక ప్రత్యేకత ఉంది. అది పూర్తయ్యేది రాసిన వ్యక్తి చేతిలో కాదు, సమాధానం ఇచ్చే వ్యక్తి చేతిలో. "అనుమతించడమైనది" అని అధికారి ఒక్క మాట రాసినప్పుడు ఆ మాటకు అర్థం దాని పైన ఉన్న వాక్యం నుంచే వస్తుంది. దేనిని, ఎంతవరకు, ఎప్పటినుంచి అనుమతించారో ఆ ఒక్క మాటలో ఉండదు. పై వాక్యం అస్పష్టంగా ఉంటే ఉత్తర్వు కూడా అస్పష్టమవుతుంది. నిర్ణయవాక్యం అవసరం ఇక్కడే కనిపిస్తుంది: సమాధానంలోని ఒక్క మాటను పూర్తి ఉత్తర్వుగా మార్చగల వాక్యమే నిర్ణయవాక్యం.

2. ఉదాహరణ నేపథ్యం

ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు మద్రాసు రాష్ట్రంలోని బళ్ళారి జిల్లాలో ఉండేవి. కన్నడంతో ఉన్న ఈ సాన్నిహిత్యం ఇక్కడి మాటలలో ఇప్పటికీ వినిపిస్తుంది. పంటకోతల కాలాన్ని కన్నడంలో 'సుగ్గి' అంటారు. కర్నూలు పశ్చిమ ప్రాంతంలో పనులు వెతుక్కుంటూ ఊరు విడిచి వెళ్ళడాన్ని 'సుగ్గికి పోవడం' అంటారు. ఆస్పరి పరిసరాలలో సేద్యం చాలావరకు వాన మీదే ఆధారపడి ఉంటుంది. ఖరీఫ్ పనులు ముగిశాక, వానలు మొండిచేయి చూపిన ఏట అంతకు ముందే, కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు, తెలంగాణకు పత్తి తీతకు, బెంగళూరుకు కట్టడాల పనులకు తరలిపోతాయి. పిల్లలను చూసుకునే పెద్దలు ఇంట్లో లేకపోతే వారు కూడా తల్లిదండ్రుల వెంట వెళ్తారు.

ఇలాంటి పిల్లలు సొంత ఊరి బడిలోనే ఉండి చదువుకునేందుకు వలసకాలంలో వసతి, భోజనం కల్పించే ఏర్పాటే సీజనల్ హాస్టల్. సమగ్ర శిక్ష పథకం కింద దీనికి అవకాశం ఉంది. ఈ ఏర్పాటులో తేదీ కీలకం. కుటుంబాలు బయలుదేరకముందు హాస్టల్ తెరుచుకోవాలి. నెల ఆలస్యంగా వచ్చిన అనుమతి కాగితం మీద అనుమతే. కాని అప్పటికి పిల్లలు మిరప తోటల్లో ఉంటారు.

ఆస్పరి మండలంలోని ఒక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు ఇలాంటి హాస్టల్ కోసం లేఖ రాస్తున్నాడని అనుకుందాం. ఈ పాఠశాలా, కింది అంకెలూ ఉదాహరణ కోసం కల్పించినవి. వలసకు సిద్ధమవుతున్న కుటుంబాల పిల్లలు 62 మంది ఉన్నారు. వారిలో 40 మంది తల్లిదండ్రులు పిల్లలను ఊళ్ళోనే ఉంచడానికి సమ్మతిపత్రాలు ఇచ్చారు. బడిలో రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. నవంబరు 1 నుంచి మార్చి 31 వరకు హాస్టల్ నడపాలి. ఫిబ్రవరిలో 28 రోజులున్న ఏడాది ఇది 151 రోజులు. ఒక్కో పిల్లకు రోజుకు రూ. 50 చొప్పున 40 మందికి అయ్యే ఖర్చు రూ. 3,02,000.

3. "తగు చర్యలు" అన్న ముగింపు

పై వివరాలన్నీ ఒకటిన్నర పేజీలో చక్కగా రాసిన తరువాత లేఖ ఇలా ముగిసిందనుకుందాం:

"కావున పేద విద్యార్థుల భవిష్యత్తును దృష్టిలో ఉంచుకుని, ఈ విషయమై తగు చర్యలు తీసుకోవలసిందిగా తమరిని సవినయంగా ప్రార్థిస్తున్నాను."

ఈ వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. మర్యాదకు లోటు లేదు. అయితే అధికారి దీనికి ఎన్ని విధాలుగా స్పందించవచ్చో చూస్తే అసలు చిక్కు తెలుస్తుంది. "చూశాను" అని సంతకం చేయవచ్చు. "పరిశీలించి నివేదిక పంపండి" అని కింది అధికారికి రాయవచ్చు. "మాట్లాడండి" అని రాయవచ్చు. ఇవన్నీ 'తగు చర్యలే'. ఏ ఒక్కటీ హాస్టల్ తెరవదు. అధికారి నిర్లక్ష్యం చేశాడని కూడా అనలేము. అడిగిన దానికి ఆయన జవాబు ఇచ్చాడు. అసలైన ప్రశ్న అడగలేదు.

కార్యాలయ తెలుగులోని "ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది" అన్న ముగింపుదీ ఇదే స్థితి. ఆంగ్ల నోటింగ్ సంప్రదాయం నుంచి వచ్చిన ఈ మాట ఫైలు ఎందుకు పైకి వచ్చిందో చెబుతుంది. ఏ ఉత్తర్వు కావాలో చెప్పదు. 62 మందికా, 40 మందికా? దసరా సెలవులు కాగానేనా, నవంబరులోనా? అధికారి వీటిని వెతుక్కుంటూ మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళాలి. రోజుకు పదుల కొద్దీ ఫైళ్ళు చూసే వ్యక్తి అలా వెనక్కి వెళ్ళవలసి వచ్చినప్పుడు ఆ ఫైలును పక్కన పెట్టడమే తరచుగా జరుగుతుంది.

4. నిర్ణయవాక్య నిర్మాణం

అదే లేఖ చివర, పై పేరా నుంచి ఒక ఖాళీ వరుస వదిలి, ఈ వాక్యం ఉంచితే పరిస్థితి మారుతుంది:

నిర్ణయం: పాఠశాలలోని రెండు గదులలో 40 మంది పిల్లలకు నవంబరు 1 నుంచి మార్చి 31 వరకు, రూ. 3,02,000 మించని ఖర్చుతో సీజనల్ హాస్టల్ నడపడానికి అనుమతించవచ్చునా? (అనుమతి / మార్పుతో అనుమతి / తిరస్కృతి – అక్టోబరు 20లోగా)

ఇందులో పని, పరిమాణం, కాలం, ఖర్చు పరిమితి, సమాధానం కావలసిన గడువు ఉన్నాయి. కారణాలు లేవు. వలస ఎందుకు జరుగుతున్నది, పిల్లల చదువు ఎలా దెబ్బతింటున్నది, సమ్మతిపత్రాలు ఎప్పుడు తీసుకున్నారు అన్నవి పై పేరాలకు చెందినవి. వాటిని కూడా ఇక్కడికి తెస్తే నిర్ణయవాక్యం మరో పేరా అవుతుంది. గడువుకు మాత్రం పై పేరాలో కారణం చెప్పి ఉండాలి. సరుకులు, వంటమనిషి, పడక సామగ్రి సమకూర్చుకోవడానికి పది రోజులు పడుతుందని రాస్తే అక్టోబరు 20 అన్నది అధికారి మీద ఒత్తిడిగా కాక లెక్కగా కనిపిస్తుంది.

తెలుగు ప్రశ్నార్థక స్వభావాన్ని ఇక్కడ గమనించాలి. అవును-కాదు అనే సమాధానం కోరే ప్రశ్నలో 'ఆ' అనే ప్రత్యయం ఏ మాట చివర చేరితే ప్రశ్న ఆ మాట మీద వాలుతుంది. "నవంబరు 1 నుంచి హాస్టల్ నడపవచ్చునా?" అన్నప్పుడు ప్రశ్న క్రియ మీద ఉంది కనుక మొత్తం ప్రతిపాదనకు వర్తిస్తుంది. "నవంబరు 1 నుంచా హాస్టల్ నడపడం?" అన్నప్పుడు హాస్టల్ నడపడం ఖాయమని అనుకుని తేదీని మాత్రమే అడిగినట్లవుతుంది. అనుమతి కోరే వాక్యంలో 'ఆ' ప్రత్యయం చివరి క్రియకే చేరాలి. అప్పుడు "అనుమతి" అన్న ఒక్క మాట సంఖ్యకు, తేదీకి, ఖర్చుకు అన్నిటికీ వర్తిస్తుంది.

తిరస్కృతి విషయంలో ఇంత స్పష్టత ఉండదు. అధికారి "వద్దు" అంటే హాస్టలే వద్దన్నాడా, 40 మంది ఎక్కువన్నాడా, తేదీ కుదరదన్నాడా తెలియదు. అందుకే మూడు సమాధానాలలో "మార్పుతో అనుమతి"కి చోటు ఇవ్వడం. 30 మందికైతే సరేనన్న అధికారి ఆ అంకెను రాసి ఊరుకోవచ్చు, ఫైలును తిప్పి పంపనక్కర లేదు.

వ్యతిరేక రూపంలో అడిగే ప్రశ్న మరీ ప్రమాదకరమైనది. "హాస్టల్ నడపడానికి తమకు అభ్యంతరం లేదు కదా?" అన్న ప్రశ్నకు "లేదు" అని రాస్తే అభ్యంతరం లేదని అర్థం. "అవును" అని రాసినా, మీరన్నది నిజమే, అభ్యంతరం లేదనే అర్థం చేసుకోవచ్చు. మాట్లాడేటప్పుడు గొంతు, తల ఊపు తోడై తేడా తెలుపుతాయి. కాగితం మీద ఆ సాయం ఉండదు. ఆరు నెలల తరువాత ఖర్చులను తనిఖీ చేసే వ్యక్తికి "అవును" అన్న ఒక్క మాట దేనికి ఆమోదమో చెప్పడం కష్టం.

పై అధికారిని ఇలా నేరుగా అడగడం అమర్యాద కాదా అన్న సంకోచం సహజమే. అస్పష్టమైన ముగింపులు చాలావరకు ఈ సంకోచం నుంచే పుడతాయి. "అనుమతించవచ్చునా" అన్న రూపం ఈ చిక్కును తీరుస్తుంది. అందులో 'మీరు' అన్న కర్త కనిపించడు. అది వ్యక్తిని నిలదీయదు, విషయం యోగ్యమైనదా కాదా అని అడుగుతుంది. "తమరు దయతో" వంటి మర్యాద మాటలు పై పేరాలో ఉండవచ్చు. నిర్ణయవాక్యంలో వాటికి చోటు ఇస్తే అసలు అంకెలు వెనక్కి పోతాయి.

5. ప్రశ్న రూపమా, ప్రతిపాదన రూపమా?

ఈ-మెయిలుకు, లేఖకు ప్రశ్న రూపం సరిపోతుంది. అధికారి తిరిగి ఒక మాట రాస్తాడు కనుక ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. నోట్‌ఫైలు విషయం వేరు. భారతీయ కార్యాలయ పద్ధతిలో, కింది ఉద్యోగి సూచించిన చర్యతో అధికారి ఏకీభవిస్తే ఆ నోటు కింద సంతకం మాత్రమే చేస్తాడు. వేరే వ్యాఖ్య రాయనక్కర లేదు. సంతకమే సమ్మతి.

ఇలాంటి చోట "అనుమతించవచ్చునా?" అని ముగిస్తే దాని కింద పడిన సంతకం ఏమి చెబుతున్నట్లు? ప్రశ్నకు సంతకం సమాధానం కాలేదు. అందుచేత ఫైలులో నిర్ణయవాక్యం ప్రతిపాదన రూపంలో ఉండాలి:

నిర్ణయం: పేరా 4లో చూపిన ప్రకారం 40 మంది పిల్లలకు నవంబరు 1 నుంచి మార్చి 31 వరకు, రూ. 3,02,000 మించని ఖర్చుతో సీజనల్ హాస్టల్ నడపడానికి అనుమతి మంజూరు చేయవచ్చును.

ఈ వాక్యం కింద సంతకం పడితే ఆ వాక్యం ఆమోదం పొందినట్లే. నిర్ణయవాక్యం లేఖ మొదట కాక చివర ఉండడానికి ఒక కారణం కూడా ఇదే. సంతకం దేని కింద పడుతుందో దానికే అన్వయిస్తుంది. మొదటి పేజీలో ఉన్న ప్రతిపాదనకూ, మూడో పేజీలోని సంతకానికీ మధ్య ఇతర విషయాలు చేరితే ఆ అన్వయం సడలుతుంది. ముందుగానే విషయం తెలియాలంటే ఆ పనిని 'విషయం' అన్న శీర్షిక చేస్తుంది.

ప్రభుత్వ కార్యాలయాలలో వాడే ఈ-ఆఫీస్ వ్యవస్థలో ఈ జాగ్రత్త మరింత అవసరం. అందులో పసుపు నోటు చిత్తుప్రతి వంటిది, దిద్దుకోవచ్చు. ఆకుపచ్చ నోటుగా మారి ఫైలు పైకి వెళ్ళాక దాన్ని మార్చడానికి వీలుండదు. నిర్ణయవాక్యంలో తేదీ తప్పుగా పడితే మరో నోటు రాసి సవరించుకోవలసిందే.

6. ఒక్కో మెట్టుకు ఒక్కో నిర్ణయం

నిర్ణయవాక్యం ఎంత స్పష్టంగా ఉన్నా, ఆ నిర్ణయం తీసుకునే అధికారం లేని వ్యక్తిని అడిగితే ఫలితం ఉండదు. పై ఉదాహరణలో ప్రధానోపాధ్యాయుడి లేఖ మొదట మండల విద్యాధికారికి చేరుతుంది. నిధుల మంజూరు జిల్లా స్థాయిలో జరగాలనుకుంటే, మండల విద్యాధికారి ముందు "అనుమతించవచ్చునా?" అన్న ప్రశ్న ఉంచడం వృథా. ఆయన చేయగలిగింది సిఫారసు. ఆయనకు రాసే లేఖలో నిర్ణయవాక్యం ఇలా ఉండాలి:

నిర్ణయం: 40 మంది పిల్లల సీజనల్ హాస్టల్ ప్రతిపాదనను సిఫారసు చేస్తూ అక్టోబరు 10లోగా సమగ్ర శిక్ష జిల్లా కార్యాలయానికి పంపవచ్చునా?

మెట్టు మారినప్పుడు వాక్యమూ గడువూ రెండూ మారాయి. ఒకే వాక్యాన్ని అన్ని స్థాయిలకూ పంపితే ప్రతివారూ తమ పై అధికారికి వర్తించేదని భావించి "పై చర్య నిమిత్తం" అని రాసి పంపుతారు. ఫైలు కదులుతుంది, నిర్ణయం మాత్రం వెలువడదు.

అలాగే ఒక వాక్యంలో రెండు నిర్ణయాలు ఉండరాదు. "హాస్టల్ నడపడానికి, సంరక్షకుని నియమించడానికి అనుమతించవచ్చునా?" అన్నప్పుడు అధికారికి మొదటిది సమ్మతమై రెండోది కాకపోవచ్చు. ఒక్క మాటలో జవాబు ఇవ్వలేడు కనుక రెండూ ఆగిపోతాయి. నవంబరు 1 తప్పిపోకూడదనుకుంటే హాస్టల్ అనుమతిని ముందు కోరి, నియామకానికి వేరే లేఖ రాయడం మేలు.

7. బొద్దు అక్షరం చేసే పని

ఆంగ్లానికి పెద్ద అక్షరాలు, వాలు అక్షరాలు ఉన్నాయి. తెలుగు లిపిలో పెద్ద చిన్న అక్షరాల భేదం లేదు. వాలు రూపం తెలుగుకు సహజం కాదు. పుటలో ఒక వాక్యాన్ని ప్రత్యేకంగా చూపడానికి మిగిలిన ప్రధాన సాధనం అక్షరం మందం. కాబట్టి దాన్ని పొదుపుగా వాడాలి. పేర్లు, తేదీలు, మొత్తాలు అన్నీ బొద్దుగా ఉన్న లేఖలో చివరి వాక్యం ఎక్కడా ప్రత్యేకంగా నిలవదు. లేఖ మొత్తంలో బొద్దుగా ఉండేది ఆ ఒక్క వాక్యమే కావాలి.

కొన్ని తెలుగు ఫాంట్లకు విడిగా బొద్దు రూపం ఉండదు. అప్పుడు సాఫ్ట్‌వేర్ ఉన్న గీతలనే లావు చేస్తుంది. చిన్న పరిమాణంలో ఒత్తులు అతుక్కుపోతాయి. ద-ధ, ప-ఫల మధ్య తేడా చూపే కింది గీత మసకబారుతుంది. ముద్రించిన ప్రతిలో ఒకసారి చూసి, అవసరమైతే ఆ వాక్యం పరిమాణాన్ని కొద్దిగా పెంచాలి. మెయిలులో `Ctrl+B`, వాట్సాప్‌లో వాక్యానికి రెండు చివరలా నక్షత్రం గుర్తు (`*`) బొద్దుదనం ఇస్తాయి. వేరేచోటికి కాపీ చేసినప్పుడు ఆ రూపం పోవచ్చు. చేతిరాతలో అసలే ఉండదు, కింద గీత గీయాలి. అందుకే "నిర్ణయం:" అన్న తొలిమాట, పైన ఖాళీ వరుస తప్పనిసరి. బొద్దుదనం పోయినా వాక్యం తన చోటులో గుర్తు దొరకాలి.

8. పరీక్ష, పరిమితులు

నిర్ణయవాక్యం సరిగా ఉన్నదో లేదో తెలుసుకునే మార్గం సులువే. లేఖలో మిగతా భాగమంతా మూసి, ఆ వాక్యం కింద "అనుమతించడమైనది" అని రాసి, విషయం తెలియని మరో ఉద్యోగికి ఇవ్వాలి. దాని ఆధారంగా ఉత్తర్వు చిత్తుప్రతి రాయగలడా అని చూడాలి. "ఎంతమందికి?" అని అడిగితే సంఖ్య లోపించింది. "ఎప్పటిదాకా?" అంటే కాలం లోపించింది. తరువాత పై పేరాలతో పోల్చి, అంకెలు రెండుచోట్లా ఒకటేనా అని చూడాలి. ప్రతిపాదనను 62 మందితో మొదలుపెట్టి 40కి తగ్గించిన లేఖలలో పాత అంకె ఎక్కడో ఒకచోట మిగిలిపోవడం మామూలే.

ఈ వాక్యానికి రెండు పరిమితులు ఉన్నాయి. మొదటిది, అది కారణాలకు బదులు కాదు. పై పేరాలలో సమర్థించని అంశం నిర్ణయవాక్యంలో ఒక్కసారిగా కనిపిస్తే, చదవకుండా సంతకం చేసిన అధికారి కూడా తరువాత చిక్కులో పడతాడు. 2005 నాటి సమాచార హక్కు చట్టం 'సమాచారం' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో అభిప్రాయాలు, సలహాలు కూడా ఉన్నాయి. నోటులోని తర్కాన్ని రేపు ఎవరైనా చదవవచ్చు.

రెండోది, ఫైలులో ఆమోదం పొందిన వాక్యం ఇంకా ఉత్తర్వు కాదు. బచ్చిత్తర్ సింగ్ కేసులో 1962లో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టం చేసింది. మంత్రి ఫైలులో రాసిన మాట, నియమం ప్రకారం ఉత్తర్వుగా వెలువడి సంబంధిత వ్యక్తికి తెలియజేసేవరకు కట్టుబడవలసిన నిర్ణయం కాదని తీర్పు చెప్పింది. నిర్ణయవాక్యం కింద సంతకం చూసి ప్రధానోపాధ్యాయుడు సరుకులు కొనరాదు. ఉత్తర్వు ప్రతి చేతికి రావాలి. అయితే నిర్ణయవాక్యం సరిగా ఉంటే ఆ ఉత్తర్వు తయారీకి మళ్ళీ ఆలోచించవలసిన పని ఉండదు. అదే వాక్యం క్రియ మార్చుకుని ఉత్తర్వులోకి చేరుతుంది. గడువు దాటినా సమాధానం రాకపోతే దాన్ని అంగీకారంగా తీసుకోవడం కూడా తగదు. అలా తీసుకోవచ్చని నియమం స్పష్టంగా చెప్పినచోట తప్ప, మౌనం అనుమతి కాదు. అక్టోబరు 20 అన్న గడువు మరోసారి గుర్తుచేయడానికి ఆధారం మాత్రమే.

9. ముగింపు

అభ్యర్థన చివరి వాక్యం మర్యాద కోసం మాత్రమే ఉన్న చోటు కాదు. అధికారి సమాధానానికి అర్థం ఇచ్చే చోటు అది. సమాధానం మాటగా వచ్చేచోట ప్రశ్న రూపంలోను, సంతకంగా వచ్చేచోట ప్రతిపాదన రూపంలోను, ఒకే నిర్ణయంతో, ఆ నిర్ణయం తీసుకోగల వ్యక్తిని ఉద్దేశించి రాసిన వాక్యం ఆ పని చేస్తుంది. ఆస్పరి వంటి చోట సుగ్గికి బండి కదిలే రోజు ఎవరి ఫైలు కోసమూ ఆగదు. అక్టోబరులో 40 మంది పిల్లలు అన్న అంకె ఒకటిన్నర పేజీ మధ్యలో ఉందా, సంతకానికి సరిగ్గా పైన ఉందా అన్న తేడా మీద నవంబరులో ఆ పిల్లలు బడిలో ఉండడం, లేకపోవడం ఆధారపడవచ్చు.